పల్ప్ ట్యాంకు మీద ఊగిన మూడు కేజీలు

జూన్ మూడో వారం. తోతాపురి లోడుతో ట్రాక్టర్లు ఫ్యాక్టరీల గేట్ల ముందు బారులు తీరే రోజులు. చిత్తూరు దగ్గర్లోని ఒక మామిడి పల్ప్ యూనిట్ నుంచి తిరుపతిలోని మా వర్క్‌షాప్‌కి ఫోన్ వచ్చింది. పల్పులో చక్కెర పాకం కలిపే ట్యాంకు కింద మూడు లోడ్‌సెల్స్ ఉన్నాయి, అవి చూపే బరువు నమ్మేట్టు లేదు, ఒకసారి వచ్చి చూడమని. యూనిట్ పేరు, బోర్డు చేసిన వాళ్ళ పేరు ఇక్కడ అవసరం లేదు. లోపం మాత్రం చాలా బోర్డుల్లో ఉండేదే కాబట్టి లెక్కలతో సహా రాస్తున్నాను.

అక్కడి ఫిర్యాదులు మూడు. ట్యాంకులో పల్పు 350 కేజీలు దాటితే డిస్‌ప్లే మీద నంబరు ఎక్కదు. పొద్దున సున్నా చేసిపెడితే మధ్యాహ్నానికి పదో పదిహేనో కేజీలు తేడా చూపిస్తుంది. ఇక మూడోది వాళ్ళను బాగా విసిగించింది: ట్యాంకు కదలకపోయినా, కలిపే మోటారు ఆపేసినా బరువు మూడు కేజీలు పైకి, మూడు కేజీలు కిందికి నెమ్మదిగా ఊగుతుంది. ఆరు వందల కేజీల్లో మూడు కేజీలంటే పెద్ద లెక్క కాదనిపించవచ్చు. కానీ పాకం పోసేది నలభై కేజీలే. నలభైలో మూడు తప్పితే బ్రిక్స్, అంటే చక్కెర శాతం, తప్పుతుంది, ల్యాబ్‌లో బ్యాచ్ ఆగిపోతుంది.

లోడ్‌సెల్స్ పోయాయని వాళ్ళు అప్పటికే ఒక సెట్ మార్చారు. ఊగడం అలాగే ఉంది.

ఆపరేటర్ చెప్పిన మాట

నేను మీటరు తీసి మొదట పాత బోర్డు అవుట్‌పుట్ చూశాను. ట్యాంకు ఖాళీగా ఉంది. మీటరు డీసీ మీద పెడితే 1.76 వోల్టులు, కదలకుండా నిలబడింది. అదే తీగ వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీలోకి పోతోంది, డిస్‌ప్లేలో మాత్రం నంబరు ఊగుతోంది. మీటరుకు కనిపించనిదేదో ఏడీసీకి కనిపిస్తోంది.

అప్పుడే అక్కడి ఆపరేటరన్న ఒక మాట అన్నాడు. "కరెంటు పోయి జనరేటర్ ఏస్తే నంబరు బిరబిరా ఆడతాది సార్. మళ్ళా కరెంటొస్తే ఉయ్యాల మాదిరి నిదానంగా ఊగతా ఉంటాది."

"ఎంత నిదానంగా అన్నా? ఒక ఊపుకి ఎంతసేపు?"

"పదికి పైన లెక్కబెట్టుకోవచ్చు సార్. ఒక్కోసారి కదలకుండా నిలబడే ఉండాది కూడా."

ఈ మాటతో సగం పని అయిపోయింది. కరెంటు ఎక్కడి నుంచి వస్తోందన్న దాన్ని బట్టి ఊగే వేగం మారుతోందంటే, అది లోడ్‌సెల్ జబ్బు కాదు. సప్లై ఫ్రీక్వెన్సీ ఎలాగో బరువులోకి దూరుతోంది.

పాత కోడు సెకనుకు సరిగ్గా 10 శాంపిళ్ళు తీసుకుంటోంది. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర, మామూలుగా 49.90 నుంచి 50.05 మధ్య తిరుగుతుంటుంది. 50ని 10తో భాగిస్తే శేషం లేదు. అంటే ఒక శాంపిల్‌కీ ఇంకో శాంపిల్‌కీ మధ్య కరెంటు తరంగం సరిగ్గా ఐదు చుట్లు తిరిగి, మొదలైన చోటికే వస్తుంది.

తిరుపతి గంగ జాతరలో రంగులరాట్నం తిరుగుతోందనుకోండి. కళ్ళు మూసుకుని, సరిగ్గా ఐదు చుట్లకొకసారి రెప్ప తెరిచి మూయండి. ఎర్ర కుర్చీ ఎప్పుడూ ఒకే చోట కనిపిస్తుంది, రాట్నం ఆగిపోయిందనుకుంటారు. రాట్నం వేగం ఒక్క పిసరు తగ్గితే, చూసిన ప్రతిసారీ కుర్చీ కొంచెం వెనక ఉంటుంది. రాట్నం వెనక్కి, అతి నెమ్మదిగా తిరుగుతున్నట్టు మీరు ఒట్టు పెట్టి చెబుతారు. ఏలియాసింగ్ అంటే ఇదే. గ్రిడ్ 49.9 ఉంటే 50 నుంచి తేడా 0.1 హెర్ట్జ్, పది సెకన్లకు ఒక ఊపు. 50.05 ఉంటే ఇరవై సెకన్లకు ఒక ఊపు. సరిగ్గా 50 అయిన క్షణంలో నంబరు నిలబడిపోతుంది, అదీ తప్పు విలువ దగ్గర. జనరేటర్ మీద ఫ్రీక్వెన్సీ 51 ప్రాంతంలో ఉంటే సెకనుకు ఒక ఊపు. ఆపరేటరన్న చూసిందంతా ఈ లెక్కకు సరిపోయింది.

నిర్ధారణకు రెండు పనులు చేశాను. మీటరును ఏసీ మిల్లీవోల్టుల మీద పెడితే అదే పాయింట్ దగ్గర 9 మిల్లీవోల్టులు చూపించింది, అంటే శిఖరం దగ్గర దాదాపు 13. పాత బోర్డు సిగ్నల్‌ను పెంచే గెయిన్ 1000 కాబట్టి లోడ్‌సెల్ తీగల దగ్గర అది 13 మైక్రోవోల్టులే. మీటరు డీసీ మోడ్‌లో కొంతసేపటి విలువను కూడి సగటు చూపిస్తుంది కాబట్టి 50 హెర్ట్జ్ అందులో కలిసిపోయి కనిపించలేదు. రెండో పని, కోడులో శాంపిల్ రేటును 10 నుంచి 12కి మార్చాను. ఇప్పుడు 50కి దగ్గరి గుణిజం 48, తేడా 2 హెర్ట్జ్. నిదానపు ఊపు మాయమై నంబరు సెకనుకు రెండుసార్లు ఆడటం మొదలైంది. శాంపిల్ రేటు మారిస్తే ఊగే వేగం మారిందంటే అది ఏలియాసింగే. నిజంగా బరువే ఊగుతుంటే రేటు మారినా దాని వేగం మారదు. ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు. నెమ్మదిగా ఊగే ఏ సెన్సర్ మీదైనా ముందు ఇది చేయండి, ఆ తర్వాతే సెన్సర్ మార్చే ఆలోచన.

పాత కోడులో ఎనిమిది శాంపిళ్ళ సగటు ఉంది. అది ఎందుకు కాపాడలేదన్న ప్రశ్న వస్తుంది. ఎనిమిది శాంపిళ్ళంటే 0.8 సెకను. పది సెకన్ల ఊపును 0.8 సెకను సగటు ఏమీ చేయలేదు. ఏడీసీ శాంపిల్ తీసుకున్న క్షణానికే 50 హెర్ట్జ్ వేషం మార్చుకుని 0.1 హెర్ట్జ్ అయిపోయింది. ఆ తర్వాత దానికీ నిజమైన బరువు మార్పుకీ తేడా చెప్పే దారి కోడుకు లేదు. ఆపాల్సింది ఏడీసీకి ముందే, అనలాగ్‌లోనే.

ఎంత చిన్న సిగ్నల్

ఫిల్టర్ దగ్గరికి పోయే ముందు మిగతా రెండు ఫిర్యాదులు చూడాలి. మూడింటికీ ఒకే బోర్డు కాబట్టి.

మూడు లోడ్‌సెల్స్, ఒక్కొక్కటి 500 కేజీలు, సున్నితత్వం వోల్టుకు 2 మిల్లీవోల్టులు. జంక్షన్ బాక్స్‌లో మూడూ సమాంతరంగా కలిశాయి. లోడ్‌సెల్ లోపలి బ్రిడ్జికిచ్చే సప్లై 3.3 వోల్టులు. కాబట్టి 1500 కేజీలకు వచ్చేది 6.6 మిల్లీవోల్టులు, కేజీకి 4.4 మైక్రోవోల్టులు. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే మిగతావన్నీ అందులోంచే వస్తాయి.

ఖాళీ ట్యాంకే 400 కేజీలు. లోపల పట్టే సరుకు 600. అంటే సిగ్నల్ ఎప్పుడూ 1.76 మిల్లీవోల్టుల నుంచి 4.4 మిల్లీవోల్టుల మధ్యే ఉంటుంది. ఏడీసీ 12 బిట్లది, 3.3 వోల్టులకు 4096 మెట్లు, ఒక్కో మెట్టు 0.8 మిల్లీవోల్టు.

పాత బోర్డు గెయిన్ 1000. కేజీకి 4.4 మిల్లీవోల్టులు, అంటే ఐదున్నర మెట్లు, చక్కగా ఉంది. కానీ ఖాళీ ట్యాంకే 1.76 వోల్టులు తినేసింది. మిగిలిన 1.54 వోల్టులను 4.4 మిల్లీవోల్టులతో భాగిస్తే 350 కేజీలు. అక్కడ ఏడీసీ 4095 చూపి ఆగిపోతుంది. మొదటి ఫిర్యాదు ఇదే. అందుకే వాళ్ళు 300 కేజీల చొప్పున బ్యాచ్‌ను రెండుగా విడగొట్టి కలుపుతున్నారు. గెయిన్ తగ్గిస్తే ఎక్కువ బరువు పడుతుంది, కానీ ఒక్కో మెట్టుకు వచ్చే కేజీలు పెరుగుతాయి. గెయిన్‌లో తప్పు లేదు. ఖాళీ ట్యాంకు బరువును ముందే తీసేసే ఆఫ్‌సెట్ అందులో లేదు.

పొద్దున్నుంచి మధ్యాహ్నానికి వచ్చే తేడాకు కారణం మొదటి ఆప్-ఆంప్. పాత బోర్డులో LM324తో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్ కట్టారు. దాని ఆఫ్‌సెట్ డిగ్రీకి 7 మైక్రోవోల్టుల మేర జరగడం మామూలే. కేజీకి 4.4 అయినప్పుడు డిగ్రీకి 7 అంటే ఒకటిన్నర కేజీ. పక్కనే పాశ్చరైజర్ పనిచేస్తుంటే బాక్స్ లోపల పది డిగ్రీలు పెరగడానికి ఎంతసేపు పడుతుంది?

కొత్త బోర్డు: ఖర్చు మొదటి స్టేజి మీదే

మొదటి స్టేజికి INA333 అనే ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయర్ చిప్ తీసుకున్నాను. గెయిన్ 100 పైన దాని డ్రిఫ్ట్ డిగ్రీకి గరిష్ఠంగా 0.1 మైక్రోవోల్టు. ముప్ఫై డిగ్రీలు మారినా 3 మైక్రోవోల్టులు, అంటే 0.7 కేజీ. గెయిన్ సూత్రం 1 + 100k/RG. RG అంటే గెయిన్‌ను నిర్ణయించే రెసిస్టర్, అది ఒక కిలో-ఓమ్ పెడితే 101. ఒకేసారి 1000 తీసుకోలేదు, ఎందుకంటే మధ్యలో ఆఫ్‌సెట్ తీసేయడానికి చోటు కావాలి.

రెండో స్టేజి మామూలు ఆప్-ఆంప్ MCP6004. దాని ఆఫ్‌సెట్ కొన్ని మిల్లీవోల్టులు ఉండొచ్చు, అయినా భయం లేదు. దాని తప్పులన్నీ ఇన్‌పుట్ దగ్గరికొచ్చేసరికి 101తో భాగింపబడతాయి. డిగ్రీకి 2 మైక్రోవోల్టుల డ్రిఫ్ట్ 0.02 అయిపోతుంది. అందుకే ఖరీదైన చిప్ ముందు, చవకది వెనక. దీన్ని తిరగేసి కట్టిన బోర్డులు కూడా నా దగ్గరికి వచ్చాయి.

INA333 అవుట్‌పుట్‌ను V1 అందాం. ఖాళీ ట్యాంకుకు 0.178 వోల్టు, నిండు ట్యాంకుకు 0.444. రెండో స్టేజి నాన్-ఇన్వర్టింగ్, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ 91k, కింది రెసిస్టర్ 10k. ఆ కింది రెసిస్టర్ కాలును గ్రౌండ్‌కి కాకుండా Vb అనే చిన్న వోల్టేజీకి కట్టాను:

```
Vout = 10.1 × V1 − 9.1 × Vb
Vb = 0.164 V
ఖాళీ:  10.1 × 0.178 − 1.49 = 0.30 V
నిండు: 10.1 × 0.444 − 1.49 = 2.99 V
```

మొత్తం గెయిన్ 1020, పాత దానికి దాదాపు సమానం. అయినా ఇప్పుడు 600 కేజీలూ పడతాయి, కేజీకి 5.57 మెట్లు. కింద 0.3 వోల్టు, పైన 0.3 వోల్టు వదిలింది ఊరికే కాదు. ఒక్కోవైపు 67 కేజీల జాగా అది. కడిగేటప్పుడు మూత తీస్తే బరువు తగ్గుతుంది, ఒక్కోసారి ట్యాంకు అంచు దాకా పోస్తారు. అప్పుడు కూడా రీడింగ్ సజీవంగా ఉండాలి.

Vbని 100k, 5.23k రెసిస్టర్లతో 3.3 వోల్టుల నుంచే విడగొట్టి, అదే MCP6004లోని ఇంకో ఆప్-ఆంప్‌ను బఫర్‌గా పెట్టి ఇచ్చాను. బ్రెడ్‌బోర్డ్ మీద మొదటిసారి బఫర్ లేకుండా కట్టాను, గెయిన్ 10.1 రావాల్సింది 7.1 వచ్చింది. డివైడర్ సొంత నిరోధం దాదాపు 5k, అది 10kతో సిరీస్‌లో కలిసి 15k అయిపోయింది. లెక్క వేసినదానికన్నా గెయిన్ తక్కువగా కనిపిస్తే ముందు ఆ కాలు దేనికి కట్టారో చూడండి.

ఇక్కడ 3.3 వోల్టుల గురించి ఒక మాట. బ్రిడ్జి సప్లై, Vb, ఏడీసీ రిఫరెన్స్ మూడూ ఒకే రెగ్యులేటర్ నుంచి తీసుకున్నాను. రెగ్యులేటర్ ఒక శాతం జరిగితే సిగ్నలూ ఆఫ్‌సెట్టూ ఒక శాతం పెరుగుతాయి, ఏడీసీ కొలబద్ద కూడా ఒక శాతం పెరుగుతుంది, నంబరు మారదు. Vbకి మంచిది కదా అని విడిగా ఖరీదైన రిఫరెన్స్ చిప్ పెడితే ఈ సౌకర్యం పోతుంది.

RG మాత్రం డిగ్రీకి 25 పీపీఎం రకం కొన్నాను. మామూలు 100 పీపీఎం రెసిస్టర్ ముప్ఫై డిగ్రీలకు 0.3 శాతం మారుతుంది. ఆ మార్పు ఖాళీ ట్యాంకు 400 కేజీల మీద కూడా పడుతుంది, తీసేసే Vb మాత్రం మారదు. దాంతో సున్నాయే 1.2 కేజీలు జరుగుతుంది. ఆఫ్‌సెట్ తీసేసే బోర్డుల్లో ఈ సంగతి తొందరగా తట్టదు.

ఫిల్టర్, దానికి ముందు కేబుల్

ఫిల్టర్ కట్టే ముందు ఈ 50 హెర్ట్జ్ హమ్ ఎక్కడి నుంచి వస్తోందో చూడటం న్యాయం. లోడ్‌సెల్ కేబుల్, కలిపే మోటారు కేబుల్ ఒకే ట్రేలో పన్నెండు మీటర్లు పక్కపక్కనే పోతున్నాయి. జంక్షన్ బాక్స్‌లో సిగ్నల్ తీగలు మెలిక లేకుండా విడివిడిగా ఉన్నాయి. షీల్డ్ రెండు చివర్లా భూమికి కట్టి ఉంది. కేబుల్‌ను వేరే దారిలో వేసి, తీగలను మెలిపెట్టి, షీల్డ్‌ను బోర్డు వైపు మాత్రమే ఉంచితే 13 మైక్రోవోల్టులు 4కి దిగాయి. ఈ రకం హమ్ రెండు సిగ్నల్ తీగల మధ్య తేడాగా వస్తుంది కాబట్టి INA333 ఎంత మంచిదైనా దాన్ని సిగ్నల్ అనే అనుకుంటుంది. డేటాషీట్‌లోని సీఎంఆర్ఆర్, అంటే రెండు తీగల మీదా ఒకేలా వచ్చే గోలను అణిచే శక్తి, ఇక్కడ అక్కరకు రాదు.

అయితే రేపు ఎవరో ఇంకో మోటారు కేబుల్ అదే దారిలో వేస్తారు. అందుకని ఫిల్టర్‌ను పాత 13 మైక్రోవోల్టుల లెక్కకే కట్టాను. కొత్త గెయిన్‌లో అది దాదాపు 16 మెట్లు.

రెండో స్టేజి తర్వాత సాలెన్-కీ ఫిల్టర్, రెండో ఆర్డర్, గెయిన్ ఒకటి. రెసిస్టర్లు రెండూ 100k, కెపాసిటర్లు 220 నానో (ఫీడ్‌బ్యాక్ వైపు), 100 నానో (గ్రౌండ్ వైపు). కటాఫ్ 10.7 హెర్ట్జ్ వస్తుంది. 50 హెర్ట్జ్ దానికి 4.67 రెట్లు, రెండో ఆర్డర్ కాబట్టి దాని వర్గం, 22 వంతుల్లో ఒక వంతుకు తగ్గుతుంది. 16 మెట్లు ముప్పావు మెట్టు అయ్యాయి. కెపాసిటర్లు ఫిల్మ్ రకం. సెరామిక్ X7R పెడితే వోల్టేజీని బట్టి విలువ మారుతుంది, పైగా ట్యాంకు అదిరితే అవే చిన్న మైకుల్లా పనిచేసి సిగ్నల్ పుట్టిస్తాయి.

కటాఫ్ ఇంకా దించి 1 హెర్ట్జ్ పెట్టొచ్చు కదా అని మా కుర్రాడు అడిగాడు. పెట్టొచ్చు, కానీ వాల్వ్ మూసేది ఈ రీడింగ్ చూసే. 1 హెర్ట్జ్ ఫిల్టర్ నిజమైన బరువుకన్నా కొన్ని పదుల మిల్లీసెకన్లు కాదు, పావు సెకను దాకా వెనకబడుతుంది. ఆలోపు పడే పాకం లెక్కలోకి రాదు. అందుకే అనలాగ్‌లో కొంత, కోడులో కొంత అని పంచాను. శాంపిల్ రేటును సెకనుకు 500 చేశాను. ఇప్పుడు 50 హెర్ట్జ్ వేషం మార్చుకోలేదు, 50గానే కనిపిస్తుంది. సున్నా దగ్గరికి మడతపడేవి 500 చుట్టుపక్కల ఉన్నవి, వాటిని అనలాగ్ ఫిల్టర్ రెండు వేల రెట్లు అణిచేస్తుంది. ఆ తర్వాత 200 మిల్లీసెకన్ల సగటు:

```
sum = 0;
for (i = 0; i < 100; i++) {
    wait_tick_2ms();
    sum += adc_read();
}
```

200 మిల్లీసెకన్లంటే 50 హెర్ట్జ్‌కి సరిగ్గా పది చుట్లు. పైకి పోయినంతా కిందికి వచ్చి, కూడితే సున్నా. జనరేటర్ మీద 51.5 ఉన్నా సగటు దాన్ని 40 రెట్లు తగ్గిస్తుంది. ఇక్కడ sumని 100తో భాగించి పూర్ణాంకం చేయలేదు, మొత్తాన్నే కేజీలకు మార్చాను. భాగిస్తే మెట్టుకన్నా సన్నని వివరం పోతుంది.

INA333కి ముందు కూడా ఒక చిన్న ఫిల్టర్ తప్పదు. తీగకొక 1k, రెండు తీగల మధ్య 100 నానో, ఒక్కో తీగ నుంచి గ్రౌండ్‌కి 10 నానో. ఆ షెడ్‌లో మోటార్ల వేగం మార్చే వీఎఫ్‌డీలు ఉన్నాయి. వాటి రేడియో గోల ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌లోకి దూరితే లోపల రెక్టిఫై అయి డీసీ ఆఫ్‌సెట్‌గా మారుతుంది, తర్వాత ఏ ఫిల్టరూ దాన్ని తీయలేదు. మధ్య కెపాసిటర్ పక్కవాటికి పది రెట్లు ఉండాలి. పక్కవి రెండూ అచ్చం సమానంగా దొరకవు, ఆ తేడాను మధ్యది కప్పేస్తుంది. చివర ఏడీసీ పిన్ దగ్గర ఇంకో 1k, 100 నానో. శాంపిల్ తీసే క్షణంలో ఏడీసీ లాగే ఛార్జీని ఆ కెపాసిటర్ ఇస్తుంది, సాలెన్-కీ ఆప్-ఆంప్ చేతులెత్తేసే పై ఫ్రీక్వెన్సీలను కూడా పట్టుకుంటుంది.

అక్కడ పెట్టి చూస్తే

బోర్డు బిగించింది ఒక ఆదివారం రాత్రి, క్లీనింగ్ షిఫ్ట్‌లో. మొదట సిగ్నల్ తీగలు రెండింటినీ బోర్డు దగ్గర విప్పి, బోర్డు ఇన్‌పుట్‌లు రెండూ కలిపి 1.65 వోల్టులకు కట్టాను. ఆఫ్‌సెట్ తీసేస్తే అవుట్‌పుట్ సున్నా కిందికి పోతుంది కాబట్టి ఆ పరీక్షకు Vb పాయింట్‌ను గ్రౌండ్ చేసి, INA333 REF పిన్‌కి 0.2 వోల్టు ఇచ్చాను. రీడింగ్ ఒక మెట్టు అటూ ఇటూ. అంటే బోర్డు సొంత గోల అంతే. తర్వాత కనెక్షన్లు యథాస్థానానికి మార్చి, ట్యాంకు మీద 20 కేజీల తూకపు రాళ్ళు పది పెట్టాం. లెక్క ప్రకారం 1114 మెట్లు పెరగాలి, 1106 పెరిగాయి. ఆ ముప్పావు శాతం తేడా కోడులోని స్కేల్‌లో సరిచేశాను. రాళ్ళు ఒక్కో మూల మీద విడివిడిగా పెట్టినప్పుడు మూడు మూలల్లోనూ ఒకే విలువ రావాలి, వచ్చింది.

జనరేటర్ కూడా వేయించి చూశాం. ఆపరేటరన్న డిస్‌ప్లే ముందు నిలబడి చాలాసేపు చూశాడు. నంబరు 0.2 కేజీకి మించి కదల్లేదు.

అయితే కలిపే మోటారు తిరుగుతున్నప్పుడు ఇప్పటికీ బరువు అర కేజీ ఆడుతుంది. గేర్‌బాక్స్ తర్వాత ఆ రెక్క నిమిషానికి 30 చుట్లు తిరుగుతుంది, అంటే 0.5 హెర్ట్జ్. పల్పును నిజంగానే అటూ ఇటూ తోస్తోంది, లోడ్‌సెల్ నిజమే చెబుతోంది. ఇది ఏలియాస్ కాదు, పది హెర్ట్జ్ ఫిల్టర్ దీన్ని ఆపదు, ఆపకూడదు కూడా. పాకం పోసేటప్పుడు మోటారు ఆపి తూచమన్నాను. తిరుగుతుండగానే చూడాలంటే డిస్‌ప్లేకి మాత్రం రెండు సెకన్ల సగటు, ఒక పూర్తి చుట్టు, విడిగా పెట్టాను. వాల్వ్ మూసే లాజిక్‌కి 200 మిల్లీసెకన్లదే.

ఇంకొకటి మిగిలింది. ట్యాంకు అడుగున ఉన్న స్టీలు పైపు గోడకు బిగించి ఉంది. వేడి పల్పు అందులోంచి పోయినప్పుడు పైపు సాగి ట్యాంకును రెండు కేజీల మేర ఎత్తుతోంది. అక్కడ ఫుడ్ గ్రేడ్ రబ్బరు గొట్టం ముక్క వేయమని ఫిట్టర్‌కు చెప్పి వచ్చాను, సీజన్ అయ్యాక వేస్తామన్నారు.